కత్తెర కింద రాలిన ముక్క

కళ్లజోళ్ల షాపులో కౌంటరు దగ్గర కూర్చునే ఆ అమ్మాయిని అందరూ కత్తెర అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది వాళ్ల బావ. ఆ అమ్మాయి ముందు ఎవరైనా నాలుగు మాటలు చెబితే మూడు కిందపడేవి, ఒకటి మిగిలేది. ఆ మిగిలిన ఒక్కదానికే జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. అదీ ఆవిడ పనితనం.

షాపుకి ఫోనులో ఒక పేజీ ఉండేది. ఫ్రేములు, లెన్సులు, తగ్గింపు ధరలు అని మొదట్లో ఏవేవో పెట్టారు. ఈగ కూడా వాలలేదు. అప్పుడు కత్తెర ఓ చిన్న జోకు రాసింది. కళ్లద్దాలు కనిపించడం లేదని ఇల్లంతా తిరగేస్తున్న మనిషి కథ. అద్దాలు ఎక్కడున్నాయో ఆఖరి మాట దాకా చెప్పలేదు. అంతే, పేజీకి ప్రాణం వచ్చింది. కళ్లు బాగున్నవాళ్లు కూడా ఊరికే చూసిపోదామని షాపుకొచ్చి, చూపు తగ్గిందని తేల్చుకుని, జోడు పెట్టుకుని వెళ్లేవారు. ఓనరమ్మకి అంతకంటే ఏం కావాలి. వారానికో నవ్వు తప్పకుండా పడాలని చెప్పేసింది. నవ్వు పడకపోతే కౌంటరులో కూర్చున్నవాళ్ల మొహం మీదే పడేది ఆవిడ కోపం.

నవ్వులు ఎక్కడి నుంచి వస్తాయి? బావ దగ్గర్నుంచే.

బావ లిఫ్టు మెకానిక్. తోటి మెకానిక్కులు ఆయన్ని గూడ్సుబండి అనేవారు. కథ మొదలుపెడితే పెట్టెల వెనక పెట్టెలు వస్తూనే ఉంటాయి, ఆఖరి పెట్టె ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఒక బిల్డింగులో లిఫ్టు ఎంత వేగంగా పైకెళ్లిందంటే తన నీడ ఇంకా కిందే ఉండిపోయిందనీ, అది మెట్లెక్కి వచ్చేదాకా పైన కాచుకుని కూర్చున్నాననీ చెప్పేవాడు. ఇంకో చోట మోటారు గదిలో ఎలుక కాపురం పెట్టి, ఏ అంతస్తులో వంట వాసన బాగుంటే అక్కడే లిఫ్టు ఆపేదట. ఆయనకి కథలో ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఆఖరున చెప్పాల్సినదాన్ని ముందే చెప్పేసేవాడు. చెప్పేసి, ఆ పైన టీ ఎక్కడ తాగాడో, చెప్పులు ఎక్కడ విప్పాడో అన్నీ చెప్పి, చివర్లో మళ్లీ విడమర్చి, "అర్థమైందా? అదీ సంగతి" అని తనే ముందు నవ్వేవాడు.

ఓ సాయంత్రం ఇంట్లో కత్తెర అక్క మిషను మీద బట్టలు కుడుతోంది. బావ కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంటూనే, నేను బాగుచేసే లిఫ్టులో నేనే ఇరుక్కుపోయాను, నా నంబరుకే ఫోనొచ్చింది అని మొదలుపెట్టాడు. కథ అక్కడికే అయిపోయింది. అయినా పెట్టెలు ఆగలేదు. ఆ బిల్డింగు ఎలాంటిది, అక్కడి ఫ్లాట్ల సంఘం వాళ్లు ఎలాంటివాళ్లు, కరెంటు పోయినప్పుడు లిఫ్టుని మెల్లగా పక్క అంతస్తుకి చేర్చి తలుపు తీసే బ్యాటరీ ఒకటుంటుంది, అది చచ్చిందని మీటింగులో తను ఎన్నిసార్లు మొత్తుకున్నాడు, వాళ్లు చూద్దాం చూద్దాం అని ఎలా దాటేశారు, ఆ రోజు కరెంటు ఎలా వస్తూ పోతూ ఉంది, పై అంతస్తులో ఉండే మోకాళ్ల నొప్పుల తాతగారు మందు వేసుకునే వేళైందని ఎంత చెప్పినా ఆగకుండా లిఫ్టెక్కితే, ఒక్కడినీ పంపడానికి మనసు రాక తనూ ఎలా ఎక్కాడు. మధ్యలో టీ. మధ్యలో చెప్పులు. కత్తెర ఫోనులో రికార్డు చేసుకుంటూ కూర్చుంది. మనసులో మాత్రం అప్పటికే కోస్తోంది.

మర్నాడు షాపులో జనం పల్చగా ఉన్న వేళ దాన్ని రాసింది. మొదటిసారి రాసింది చేంతాడంత వచ్చింది. పైన నాలుగు ముక్కలు కనిపించి, మిగతాది ఫోనే మడత పెట్టేసి, ఇంకా చూడాలంటే నొక్కమంటుంది. ఆ నొక్కే ఓపిక ఎవరికుంటుంది? మడత లోపలికి వెళ్లిన నవ్వు పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే. కాబట్టి మొత్తం మడత పైనే ఉండాలి.

టీ తీసేసింది. చెప్పులు తీసేసింది. సంఘాన్నీ, మీటింగునీ, బ్యాటరీనీ తీసేసింది. తాతగారి మోకాళ్లు తీసేసింది. బావ మెకానిక్ అన్న మాట దగ్గర కాసేపు ఆగింది. అది ముందే చెబితే కథ ముందే పేలిపోతుంది, చదివేవాడు తనంతట తనే కనిపెట్టుకోవాలి. అదీ తీసేసింది. చివర్లో 'మా బావ జేబులో ఫోన్ మోగింది' అని ఉంది. ఎక్కడో తన్నుతోంది. జేబు ముందొచ్చేసి, మోగడం వెనక వస్తోంది. జేబు తెలిశాక మోగితే ఏంటి, మోగకపోతే ఏంటి? రెండుగా విరిచి తిరగేసింది.

లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. చిమ్మచీకటి.
లోపల ఇద్దరే. ఓ తాతగారు, మా బావ.
తాతగారు గోడ మీదున్న మెకానిక్ నంబరుకి ఫోన్ చేశారు.
ఫోన్ మోగింది.
మా బావ జేబులో.

ఆ తర్వాత ఒక్క అక్షరం లేదు. నవ్వు బొమ్మ కూడా లేదు. మనం ముందే నవ్వితే చదివేవాడికి నవ్వడానికి ఏం మిగులుతుంది?

పెట్టింది. కళ్ల పరీక్షకి వచ్చిన ఆవిడ బోర్డు మీద పెద్దక్షరాలు దాటి చిన్నక్షరాలకి వచ్చేలోపు ఫోను గంట కొట్టడం మొదలెట్టింది. ఇక ఆగలేదు. భోజనాల వేళకి మందుల షాపువాళ్లు రోడ్డు దాటి వచ్చి అద్దం తలుపు మీద కొట్టి, నవ్వి, వెళ్లారు. సాయంత్రానికి పోస్టు ఎవరెవరి గోడల మీదో ఎక్కి కూర్చుంది. పేరు కోసేసి, బొమ్మలు అంటించి, తమదేనని పంచుకున్నవాళ్లూ ఉన్నారు. షాపులో నవ్వు మోత ఎంతలా ఉందంటే అద్దాల అరల్లో ఉన్న ఫ్రేములన్నీ వణికి, ఒకదాని ముక్కు మీద ఒకటి ఎక్కాయని చెబితే నమ్మాలి. ఓనరమ్మ స్వయంగా టీ తెప్పించింది.

ఇంటికెళ్లి బావకి చూపిస్తే బావ చదివాడు. మళ్లీ చదివాడు. ఇంత చిన్నదా అన్నాడు. నవ్వాడు కూడా. కానీ ఆ నవ్వు ఆయన కథ చెప్పాక నవ్వే నవ్వు కాదు. కత్తెరకి అది అప్పుడు పట్టలేదు. ఎంతమంది నవ్వారో లెక్క చూసుకుంటూ ఉంది.

గొడవ మెల్లగా వచ్చింది. షాపు పేజీ చూసేవాళ్లలో చాలామందికి ఆ బావ ఎవరో తెలుసు. బావ చూసే బిల్డింగుల్లో ఒకటి రెండు చోట్ల పిల్లలు లిఫ్టు దగ్గర ఆయన్ని చూసి నోటితోనే ఫోను మోగించారు. బావ సరదాగా తీసుకున్నాడు. ఆ తర్వాత ఓ బిల్డింగు సంఘం వాళ్లు బావ పనిచేసే కంపెనీకి ఫోన్ చేసి, తన లిఫ్టు తనకే తెలీని మెకానిక్‌ని మా దగ్గరికి పంపకండి అన్నారు. ఇంకో బిల్డింగు వాళ్లూ అదే మాట. అన్నిటికంటే పైన, ఆ ఇరుక్కుపోయిన బిల్డింగు సంఘం వాళ్లు, బ్యాటరీ సంగతి మీ మనిషి మాకెప్పుడూ చెప్పనే లేదని చేతులు దులిపేసుకున్నారు. మాటతో చెప్పినదానికి రుజువేది? సూపర్‌వైజర్ బావని పిలిచి, పని మీదికి పంపడం ఆపేసి, గోడౌనులో పాత రోలర్లు, బోల్టులు ఏరమని కూర్చోబెట్టాడు. విచారణ అయ్యాక ఉంటావో ఊడతావో చూద్దామన్నాడట.

బావ ఆ సంగతి ఇంట్లో ఒక్క వాక్యంలో చెప్పాడు. అదే భయపెట్టింది అందర్నీ. ముందు ఏం జరిగిందో లేదు, టీ లేదు, చెప్పులు లేవు. ఒక్క వాక్యం చెప్పి, కంచం ముందు కూర్చుని తిని, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అక్క మిషను ఆపింది. దారం కొరికి, చెల్లెలి వైపు చూడకుండానే అంది.

"నీ నవ్వులకి నా మొగుడే దొరికాడా?"

బావే అడ్డుపడి, దాన్నేమీ అనకు, నేను చెప్పిందే రాసింది కదా అన్నాడు. అక్క ఊరుకోలేదు.

"నువ్వు చెప్పింది రాయలేదు. నువ్వు చెప్పిందాంట్లో నిన్ను తీసేసి రాసింది."

ఆ మాట కత్తెరకి గుండెల్లో చేపముల్లులా దిగింది. రికార్డు పెట్టుకుని మళ్లీ విన్నది. బ్యాటరీ ఉంది, మీటింగు ఉంది, మోకాళ్లున్నాయి, ఒక్కడినీ పంపలేకపోవడం ఉంది. అన్నీ తన చేత్తోనే కోసింది. ఇవి నవ్వుకి అడ్డమొస్తున్నాయి అనుకుంది. నిజమే, అడ్డమొచ్చాయి. కానీ ఆ అడ్డం వెనకే బావ నిలబడి ఉన్నాడు. అడ్డం తీసెయ్యగానే రాళ్లన్నీ ఆయనకే తగిలాయి.

దిద్దుదామని కూర్చుంది. ఆ పోస్టు కిందే బారెడు వివరణ కలిపింది. మా బావ తప్పేం లేదు, బ్యాటరీ ఇదీ, సంఘం అదీ, దయచేసి గమనించండి. అదంతా మడత లోపలికి పోయింది. పైన ఎప్పటిలాగే ఫోను మోగుతోంది, జేబులో. మడత విప్పి చదివిన ఒకరిద్దరు జోకుకి అర్థం చెప్పేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాం అని ఎగతాళి చేశారు. ఇక తీసేద్దామని పోస్టే తీసేసింది. తీసేస్తే ఏం లాభం? అది అప్పటికే ఫొటోలుగా మారి ఎవరెవరి ఫోన్లలోనో తిరుగుతోంది. వాటికి కొత్త వివరణా అంటదు, తీసెయ్యడమూ అంటదు. ఓనరమ్మ మాత్రం బాగా నడుస్తున్న బండిని ఆపి దిగిపోయావేమే అని విసుక్కుంది.

అప్పుడు కత్తెరకి మోకాళ్ల తాతగారు గుర్తొచ్చారు. పెద్దమనిషి, ఆ బిల్డింగులోనే ఉంటారు, ఆయన చెబితే సూపర్‌వైజర్ వింటాడేమో.

షాపు కట్టేశాక వెళ్లింది. లిఫ్టు మీద 'పని చేయడం లేదు' అన్న కాగితం వేలాడుతోంది. మెట్లెక్కింది. పైకి వెళ్లేసరికి తన మోకాళ్లే తాతగారివైపోయాయి. తాతగారు తలుపు తీసి, ఆయాసపడుతున్న పిల్లని చూసి, ముందు మంచినీళ్లిచ్చారు. లిఫ్టు ఆగిన దగ్గర్నుంచి ఆయన కిందికి దిగలేదట. మందులు వాచ్‌మనే తెచ్చి ఇస్తున్నాడట. గది నిండా పాత వార్తాపత్రికలు, కిటికీ దగ్గర కుర్చీ, కుర్చీకి ఆనించిన కర్ర.

కత్తెర ఎవరో తెలిసి ఆయన మొహం కొంచెం ముడుచుకుంది.

"ఆ రాసింది నువ్వేనా అమ్మాయ్? మా మనవరాలు ఫోనులో చూపించింది. నేనూ నవ్వాను. నవ్వాక నిద్రపట్టలేదు."

కంపెనీకి తాను ఫోన్ చేశాననీ, కాగితం మీద రాసి సంఘం చేత సంతకం పెట్టించి పంపమన్నారనీ, సంఘం వాళ్లు సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదనీ చెప్పారు. అయినా ఆ రోజు అసలేం జరిగిందో చెప్పమని కత్తెర అడిగింది. తాతగారు చెప్పుకొచ్చారు. లిఫ్టు కుదుపుతో ఆగిందట. ఫోన్ పక్కనే మోగేసరికి ఆయనకి గుండె ఆగినంత పనైందట. బావ ఫోనులో ఇంకో మెకానిక్‌ని పిలిచి, లోపల్నుంచి మనమేమీ చెయ్యలేమండీ, పైన మోటారు గదిలో బ్రేకు వదిలి చక్రం తిప్పితేనే కదులుతుంది, అందాకా కూర్చోండి అని తన సంచి కింద వేసి, దాని మీద ఆయన్ని కూర్చోబెట్టాడట. చీకట్లో భయం వెయ్యకుండా నీడ మెట్లెక్కి వచ్చిన కథ చెప్పాడట.

"ఆ కథ అయ్యాక అడిగాను. బ్యాటరీ చచ్చిందని నీకు తెలుసు కదయ్యా, తెలిసీ ఎందుకెక్కావు అని." తాతగారు కర్ర పిడి నిమిరారు. "మీరెక్కారు కదండీ అన్నాడు."

ఆ తర్వాత తాతగారు ఏమీ చెప్పలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

కత్తెరకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ మాట తర్వాత ఆయన ఆగిపోయిన తీరు చూసింది. ఎవరూ ఆపమనలేదు, ఏ మడతా అడ్డం రాలేదు. అక్కడితో అయిపోయింది, అంతే. బ్యాటరీ ఉంది అందులో. చెప్పడం ఉంది, వినకపోవడం ఉంది, ఒక్కడినీ పంపలేకపోవడం ఉంది. వివరణలో బారెడు రాసి చెప్పలేకపోయిందంతా ఆ రెండు మాటల్లో ఇమిడి కూర్చుంది.

అక్కడే మెట్ల మీద కూర్చుని రాసింది. మొదట ఫోను మోగడం కూడా పెట్టింది. రెండు నవ్వులైతే మొదటిది రెండోదాన్ని తినేస్తుంది. దాన్ని తీసేసింది. ఎంత ముద్దొచ్చే ముక్కయినా తీసేసింది. ఈసారి బావ మెకానిక్ అన్నది మాత్రం మొట్టమొదటే పెట్టింది. కిందటిసారి దాన్ని దాస్తేనే నవ్వు, ఈసారి చెబితేనే నవ్వు. సంఘం పేరు, బిల్డింగు పేరు ఎత్తలేదు. ఆఖర్న 'మీరెక్కారు కదండీ, అన్నాడు మా బావ' అని రాసి, చదువుకుని, మొహం చిట్లించింది. తలుపు మూశాక మళ్లీ తోసినట్టుంది. 'అన్నాడు'ని ముందుకు లాక్కొచ్చింది.

పెట్టే ముందు ఇంటికి వెళ్లింది. ఇదివరకెప్పుడూ అలా చేయలేదు. బావ కుర్చీలో కూర్చుని, గోడౌను బోల్టుల నల్లటి జిడ్డు చేతులకి వదలక, గుడ్డతో తుడుచుకుంటున్నాడు. అక్క పక్కనే నిలబడి ఉంది. కత్తెర చదివింది.

మా బావ లిఫ్టు మెకానిక్.
కరెంటు పోతే లిఫ్టుని కాపాడే బ్యాటరీ చచ్చిందని ఆయనే చెప్పాడు. ఎవరూ మార్చలేదు.
ఓ తాతగారితో పాటు ఆ లిఫ్టులోనే ఇరుక్కున్నాడు.
చీకట్లో తాతగారు అడిగారు, "తెలిసీ ఎందుకెక్కావయ్యా?"
బావ అన్నాడు, "మీరెక్కారు కదండీ."

బావ చేతులు తుడుచుకోవడం ఆపాడు. అక్క ముక్కు ఎగబీల్చింది. అది నవ్వో ఏడుపో చెల్లెలికి తెలీలేదు.

"నేనలా అన్నానా?" అన్నాడు బావ చివరికి.

"తాతగారు చెప్పారు బావా. వద్దంటే పెట్టను."

"తాతగారిని ఎవరూ ఏమీ అనరు కదే?"

ఎవరినీ ఏమీ అననిది కావాలనే కదా ఇలా కోశాను అని కత్తెర చెప్పింది. బావ తల ఊపాడు. పెట్టింది.

మొదటి పోస్టంత నవ్వు దీనికి రాలేదు. సగం కూడా రాలేదు. నిజం చెప్పాలి. ఫ్రేములేమీ వణకలేదు, మందుల షాపువాళ్లు రోడ్డు దాటలేదు. ఓనరమ్మ ఇది నవ్వా ఏడుపా అని అడిగి, మళ్లీ చదివి, లోపలికి వెళ్లిపోయింది. కానీ చదివినవాళ్లు ఆఖరి మాట దాకా చదివారు. మడత అవసరం పడలేదు. కింద ఒకరు, ఇలాంటివాడైతే మా బిల్డింగుకి పంపండి అని రాశారు. మరొకరు వాళ్ల నాన్న మోకాళ్ల గురించి రాశారు. వాటి మధ్య, అక్షరాలు దూరదూరంగా, ఒక్కో మాట వెతుక్కుని కొట్టినట్టున్న కామెంటొకటి వచ్చింది.

ఆ తాతని నేనే. బ్యాటరీ మార్చమని ఇతను చెప్పిన మీటింగులో నేనున్నాను. తర్వాత చూద్దామన్నవాళ్లలో నేనూ ఒకడిని.

కత్తెర దాన్ని కౌంటరులోనే చదివింది. కళ్ల పరీక్షకి వచ్చినాయన ఎదురుగా బోర్డు చదువుతూ ఆగిపోయి, ఏమైందమ్మా అని అడిగాడు. ఏం లేదండీ, కింది లైను చదవండి అంది.

సూపర్‌వైజర్ ఫోను మరునాడు వచ్చింది. పెద్దాయన అందరి ముందూ రాసినదాన్ని సంఘం వాళ్లు కాదనలేకపోయారట. బ్యాటరీ మారుస్తామన్నారట. బావని పనిలోకి రమ్మన్నారు. అయితే ఆ ఒక్క బిల్డింగుకి మాత్రం వేరే మనిషిని పెడతామన్నారు, సంఘం వాళ్లకి బావ ముందు మొహం చెల్లడం లేదు కాబట్టి. అంటే తాతగారి లిఫ్టు ఇక బావది కాదు. పిల్లలు నోటితో ఫోను మోగించడం కూడా ఆగలేదు. ఆ పాత ఫొటో ఇంకా ఎక్కడెక్కడో తిరుగుతూనే ఉంది. దాన్ని వెనక్కి పిలిచేవాళ్లు ఈ లోకంలో లేరు.

పనికి వెళ్లి వచ్చిన మొదటి సాయంత్రం బావ కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అక్క మిషను మీదే ఉంది. కత్తెర ఫోను తీయలేదు. బల్ల మీద బోర్లా పెట్టింది. గోడౌనులో కూర్చున్నన్నాళ్లూ ఆయన ఒక్క కథ చెప్పలేదు. ఇక చెప్పడేమో అన్న భయం ఉద్యోగం పోతుందేమో అన్న భయం కంటే ఎక్కువగా పట్టుకుంది కత్తెరని.

బావ గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ ఒక లిఫ్టులో పిల్లి ఈనింది. మొదట ఎక్కడ టీ తాగానో చెప్తాను."

"చెప్పు బావా," అంది కత్తెర.